వాయిదా మీద సరదా వాక్యం: ఆటపట్టించడం ఎక్కడ ఆగుతుంది, ఎత్తిపొడుపు ఎక్కడ మొదలవుతుంది

ప్రశ్న: "పోటీ పరీక్షలకు చదివేవాళ్ళ ఆన్‌లైన్ గ్రూపు ఒకటి నడుపుతున్నాను, నూట ఇరవై మంది దాకా ఉన్నారు. పనులు వాయిదా వేసే అలవాటు మీద రోజూ ఉదయం ఒక సరదా మాట పెడతాను. మొన్న 'రేపు రేపు అనేవాడికి రేపు రాదు, రిజల్ట్ మాత్రం వస్తుంది' అని పెట్టాను. కొందరు నవ్వారు, ఇద్దరు మాత్రం చెప్పాపెట్టకుండా గ్రూపులోంచి వెళ్ళిపోయారు. నవ్వించాలి, కాస్త కదిలించాలి, ఎవరినీ చిన్నబుచ్చకూడదు. అలాంటివి ఎలా రాయాలి?"

మనిషిని వదిలేసి అతను చెప్పుకునే సాకును ఆటపట్టించండి. ఆ వాక్యంలోనే, ఇప్పటికిప్పుడు చేయగలిగిన ఒక చిన్న పని చూపించండి. ఈ రెండూ ఉంటే వాక్యం కొంచెం చప్పగా ఉన్నా ఎవరికీ గుచ్చుకోదు. ఈ రెండూ లేకపోతే ఎంత బాగా ప్రాస కుదిరినా ఎవరో ఒకరు బాధపడతారు.

పదకొండేళ్ళుగా నేను చేస్తున్న పని ఇదే. మొదట టేబుల్ క్యాలెండర్లకు, ప్లానర్ డైరీలకు పేజీకొక వాక్యం రాసేదాన్ని. తర్వాత చదువుకునే యాప్‌లలో వచ్చే రిమైండర్లకు రాశాను. డైరీలో అచ్చయిన వాక్యం నచ్చకపోతే పేజీ తిప్పేస్తారు. ఫోన్‌లో వచ్చిన వాక్యం అలా కాదు, పేరుపెట్టి పిలిచి చెప్పినట్టు తగులుతుంది. మీ గ్రూపు కూడా ఆ రెండో రకమే.

మీ వాక్యాన్నే ముందు చూద్దాం. చెవికి బాగుంది. రేపు, రిజల్ట్ అని రెండు 'ర'లు కలిశాయి, మలుపు సరిగ్గా చివర పడింది. రాయడం వచ్చిన చెయ్యే అది. ఇబ్బంది మూడు చోట్ల ఉంది. "అనేవాడికి" అన్నప్పుడు ఎదురుగా ఒక మనిషి నిలబడ్డాడు, పైగా ఏకవచనంలో. "రిజల్ట్ మాత్రం వస్తుంది" అనేది బెదిరింపు. ఇక చదివినవాళ్ళు వెంటనే ఏం చేయాలో అందులో ఎక్కడా లేదు. నవ్వినవాళ్ళు బహుశా ఆ రోజు చదువుకున్నవాళ్ళే. చదవనివాళ్ళకు మాత్రం తమ గురించి ఎవరో అందరి ముందూ తీర్పు చెప్పినట్టు ఉంటుంది.

బెదిరింపు ఎందుకు పనిచేయదంటే వాయిదా వేయడం చాలాసార్లు బద్ధకం వల్ల జరగదు. ఆ పని తలుచుకుంటే కలిగే చిరాకు, భయం, విసుగు నుంచి కాసేపు తప్పించుకోవడానికి జరుగుతుంది. ఫుషియా సిరోయిస్, తిమోతి పిచిల్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 2013లో రాసిన వ్యాసంలో ఇదే విషయాన్ని వివరంగా చెప్పారు: వాయిదా వేసే మనిషి ఆ క్షణానికి తన మూడ్ బాగుచేసుకుంటాడు, బరువు మాత్రం రేపటి తన మీద పడేస్తాడు. అలాంటప్పుడు మన వాక్యం ఆ చిరాకును ఇంకొంచెం పెంచితే ఏమవుతుంది? పుస్తకం కంటే ముందు మన మెసేజ్ నుంచి పారిపోతాడు. మీ గ్రూపులో జరిగింది కూడా ఇదే అయి ఉండవచ్చు.

అంతకు ముందు, 2010లో, కెనడాలోని కార్ల్‌టన్ యూనివర్సిటీలో మైకేల్ వోల్, పిచిల్, షానన్ బెనెట్ కలిసి 119 మంది మొదటి సంవత్సరం విద్యార్థుల మీద ఒక అధ్యయనం చేశారు. మొదటి పరీక్షకు చదువు వాయిదా వేసినవాళ్ళలో, "సరేలే, అయిందేదో అయింది" అని తమను తాము క్షమించుకున్నవాళ్ళు తర్వాతి పరీక్షకు తక్కువ వాయిదా వేశారు. నేను రాసే ప్రతి వాక్యం వెనకా ఈ సంగతి గుర్తుపెట్టుకుంటాను. మంచి సరదా వాక్యం చేసే పని అదే: జరిగిపోయినదాన్ని నవ్వుతూ మాఫీ చేసి, ముందున్న పనిని చిన్నది చేసి చూపిస్తుంది.

మన భాషలో ఆటపట్టించడం వేరు, ఎత్తిపొడవడం వేరు. రెండింట్లోనూ నవ్వు ఉంటుంది. తేడా ఎక్కడుందో వెతికితే, చాలాసార్లు ఒక్క చిన్న పదంలోనో ప్రత్యయంలోనో దొరుకుతుంది. ఈ రెండూ చూడండి:

"ఇవాళ ఒక పేజీ చదువుదాం."
"ఇవాళైనా ఒక పేజీ చదువుదాం."

రెండో దాంట్లో చేరింది "ఐనా" ఒక్కటే. దాంతో నిన్న చదవలేదు, మొన్న చదవలేదు, పోయిన వారమంతా చదవలేదు అనే చిట్టా మొత్తం వచ్చి కూర్చుంది. "కనీసం", "ఇంకా", "మళ్ళీ", "ఎప్పుడూ", "ఎప్పటిలాగే" కూడా ఇదే పని చేస్తాయి. "ఇంకా మొదలుపెట్టలేదా?" అన్నది పైకి ప్రశ్నే, విన్నవాళ్ళకు మాత్రం అది ఆరోపణ. రాసిన వాక్యం పెట్టేముందు నేను ఈ మాటల కోసం ప్రత్యేకంగా ఒకసారి వెతుకుతాను. కనిపిస్తే తీసేస్తాను. తీసేశాక కూడా వాక్యంలో నవ్వు మిగిలితే ఉంచుతాను. మిగలలేదంటే ఆ నవ్వు మొత్తం దెప్పిపొడుపు మీదే నిలబడిందని అర్థం, దాన్ని వదిలేస్తాను.

ఎవరిని ఉద్దేశించి రాయాలనేది కూడా ఇక్కడే తేలుతుంది. "కొందరు ఉంటారు, పుస్తకం కొంటారు గానీ తెరవరు" లాంటి వాక్యాలు అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకుంటాయి. మనం ఎవరి పేరూ ఎత్తలేదనుకుంటాం, కానీ ఆ "కొందరు" ఎవరా అని గ్రూపంతా వెతకడం మొదలుపెడుతుంది. "మీరు" మర్యాదగా ఉన్నా వేలు అటువైపే చూపిస్తుంది. "మనం" చాలావరకు పనిచేస్తుంది, ఎందుకంటే తెలుగులో "మనం" అంటే చెప్పేవాళ్ళూ వినేవాళ్ళూ కలిసే ఉంటారు. కానీ ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. "మనం టైం వేస్ట్ చేయకూడదు కదా" అంటే అది పిల్లలకు చెప్పినట్టుంటుంది, అందులో చెప్పేవాళ్ళు లేరని అందరికీ తెలుస్తుంది. చేయకూడదు, చేయాలి అనే క్రియల పక్కన "మనం" పెడితే అది ముసుగేసుకున్న ఆజ్ఞే. "చేద్దాం", "దించుదాం", "చూద్దాం" పక్కన పెడితేనే నిజంగా పక్కన కూర్చున్నట్టు ఉంటుంది.

నాకు అన్నిటికంటే బాగా పనిచేసిన దారి వేరే ఉంది. మనుషులెవరినీ వాక్యంలోకి తేకుండా, రేపు, మూడ్, గడియారం, టైంటేబుల్, సోమవారం లాంటివాటినే పాత్రలు చేయడం. అప్పుడు నవ్వు వాటి మీద పడుతుంది. చదివేవాళ్ళు మనతో పాటు ఇటువైపు నిలబడి నవ్వుతారు.

మీ వాక్యాన్నే అలా మార్చి చూపిస్తాను. ఇది ఒక్కసారిగా కుదరలేదు, ఎలా వచ్చిందో వరసగా చెప్తాను.

మొదట "అనేవాడికి" తీసి "అనేవాళ్ళకి" పెట్టి చూశాను. ఏకవచనం పోయింది గానీ బెదిరింపు అలాగే ఉంది. పైగా ఇప్పుడు ఒకరి బదులు ఒక గుంపును అన్నట్టయింది.

తర్వాత రిజల్ట్ ముక్క తీసేశాను. "రేపు రేపు అంటే రేపు రాదు." ఎవరినీ అనలేదు, బాగానే ఉంది. కానీ నవ్వూ పోయింది. గోడ మీద రాసిన నీతివాక్యంలా తయారైంది.

అప్పుడు రేపటి వైపు నుంచి ఆలోచించాను. ఇంతమంది ఇన్ని పనులు రేపటికి నెట్టేస్తుంటే ఆ రేపటి పరిస్థితి ఏమిటి? "పాపం రేపు! అందరి పనులూ దాని నెత్తినే." ఇక్కడ నవ్వు తిరిగొచ్చింది. "పాపం" అనే మాటకు తెలుగులో ఒక మెత్తదనం ఉంది, దాన్ని రేపటికి ఇచ్చేసరికి కోపగించుకోవడానికి ఎవరూ మిగల్లేదు. కానీ వాక్యం ఇక్కడితో ఆగితే చదివినవాళ్ళు నవ్వి పక్కకు జరిపేస్తారు, అంతే.

చివరికి ఇలా కుదిరింది:

"పాపం రేపు! అందరి పనులూ దాని నెత్తినే. ఒక్క పేజీ బరువు ఇవాళే దించేద్దాం."

"ఒక్క పేజీ" అన్న చోట మొదట "కొంత బరువు" అని రాశాను. "కొంత" అంటే ఎంతో ఎవరికీ తెలియదు, తెలియనిదాన్ని మళ్ళీ రేపటికి వదిలేయడం తేలిక. పేజీ అంటే కంటికి కనిపిస్తుంది. ఒక పేజీ, పది నిమిషాలు, ఒక లెక్క, ఒక ఫోన్ కాల్ లాంటి కొలత ఒకటి తప్పకుండా ఉండాలి. అది నవ్వొచ్చేంత చిన్నది అయినా ఫర్వాలేదు, పెద్దది కాకూడదు. "ఇవాళే ఒక చాప్టర్ పూర్తిచేద్దాం" అని రాస్తే మళ్ళీ భయం మొదటికొస్తుంది.

దీన్ని నేను వాకిలి అంటాను. నవ్వించి ఇంట్లోనే కూర్చోబెట్టకుండా బయటికి ఒక తలుపు తెరిచి ఉంచడం. ప్రతి వాక్యంలోనూ తలుపు విడిగా కనిపించనక్కర్లేదు. కొన్నిసార్లు చమత్కారంలోనే అది ఉంటుంది, అలాంటివి దొరికితే అదృష్టమే. మన భాషలో అలాంటి మాటలు రెండు దొరికాయి నాకు.

ఒకటి "వాయిదా". ఈ మాటకు తర్వాతకు నెట్టడం అనే అర్థం ఉంది, విడతలుగా కట్టే సొమ్ము అనే అర్థమూ ఉంది. ఆ రెండో అర్థంలోనే వాకిలి ఉంది:

"పనిని వాయిదా వేయడం కన్నా వాయిదాల్లో చేయడం తేలిక. ఇవాళ్టి వాయిదా పది నిమిషాలు."

రెండోది మనందరి నోట్లో రోజూ నానే మాట, "చేద్దాంలే":

"చేద్దాంలే, చదువుదాంలే, చూద్దాంలే. ప్రతి మాట చివరా ఎవరో 'లే' అంటూనే ఉన్నారు!"

ఇది పెట్టిన రోజు నాకు వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం "లేచాను" అన్న ఒక్క మాటే. సాధారణంగా ఎవరినైనా "లే" అంటే కసిరినట్టుంటుంది. ఇక్కడ ఆ మాట అంటున్నది మనం కాదు, వాళ్ళు అన్న మాటలోంచే వచ్చింది. అందుకే తగల్లేదు.

ఇలాంటి శ్లేషలు రోజూ దొరకవు, వాటి కోసం కూర్చుంటే వారానికి ఒకటి రావడమే కష్టం. మిగతా రోజులకు ఆధారం సాకులే. వాటిని ఎంత దగ్గరగా చూస్తే అంత మంచి వాక్యం వస్తుంది. "బద్ధకం" అని రాస్తే అది అందరి మీదా పడుతుంది. కానీ చదవాల్సిన రోజే టేబుల్ సర్దాలనిపించడం, టైంటేబుల్‌కు నాలుగు రంగుల స్కెచ్ పెన్నులు వాడటం, పెన్ను బాగా రాయట్లేదని కొత్తది వెతకడం, టైం 10:10 అయింది కాబట్టి 10:30కు రౌండుగా మొదలుపెడదామనుకోవడం, ఇవన్నీ చేసినవాళ్ళకే తెలుస్తాయి. చేయనివాళ్ళు చదివి మామూలుగా దాటిపోతారు. దగ్గరగా చూసి రాసిన వాక్యం తన పాఠకుడిని తనే ఎంచుకుంటుంది, తగలకూడని వాళ్ళకు తగలదు. ఈ సంగతి నేను చాలా ఆలస్యంగా, ఒకరిని బాధపెట్టాక నేర్చుకున్నాను.

ఒక చదువు యాప్‌కు రిమైండర్లు రాస్తున్న రోజులవి. మూడు రోజులుగా యాప్ తెరవని వాళ్ళకు వెళ్ళేలా ఒక వాక్యం ఇచ్చాను: "మీ పుస్తకం ఎదురుచూసి ఎదురుచూసి బూజు పట్టింది. కనీసం దులపడానికైనా రండి." ఆఫీసులో అందరికీ నచ్చింది. అది రాత్రి తొమ్మిదింటికి వెళ్ళింది. మర్నాడు ఒక అమ్మాయి జవాబు రాసింది: "నాలుగు రోజులుగా నాన్న దగ్గర ఆసుపత్రిలో ఉన్నాను. పుస్తకం నాతోనే ఉంది, బ్యాగులో. బూజు పట్టలేదు." అంతే రాసింది, తిట్టలేదు. ఆ మూడు ముక్కలు చదివాక చాలాసేపు నాకు చేతులాడలేదు. నేను క్షమాపణ రాశాను, ఆ వాక్యాన్ని ఆ రోజే తీయించాను.

తర్వాత కూర్చుని దాన్ని విడదీసి చూస్తే తప్పులన్నీ అందులోనే ఉన్నాయి. "మీ" అంటూ వేలు చూపించాను. "కనీసం", "ఐనా" రెండూ వాడాను. అన్నిటికంటే పెద్దది, ఆవిడ ఎందుకు రాలేదో నాకు తెలుసని అనుకున్నాను. రాకపోవడం, వాయిదా వేయడం ఒకటి కాదు. మూడు రోజులు కనిపించని మనిషి గురించి మనకు ఏమీ తెలియదు, తెలియనప్పుడు ఆటపట్టించే హక్కు లేదు. అప్పటినుంచి చాలా రోజులుగా కనిపించనివాళ్ళకు వెళ్ళే మెసేజుల్లో నేను సరదా పెట్టను. "మీరు ఆపిన చోటే పేజీ ఉంది. వీలైనప్పుడు అక్కడినుంచే మొదలుపెట్టవచ్చు" అని మామూలుగా రాస్తాను. సరదా వాక్యాలు వస్తూపోతూ ఉన్నవాళ్ళకే.

ఇప్పుడు సాకుల మీద రాసినవి కొన్ని ఇస్తాను, ఎలా కట్టానో చూసి మీ గ్రూపుకు తగ్గట్టు మార్చుకోండి.

టేబుల్ సర్దడం మీద: "టేబుల్ ఇంత శుభ్రంగా ఉందంటే చదవాల్సింది చాలానే ఉన్నట్టుంది. సర్దిన కష్టం ఊరికే పోలేదు, పుస్తకం తెరవడానికి చోటు దొరికింది." ఇందులో సర్దడాన్ని వెక్కిరించి వదిలేయలేదు, దాన్ని మొదటి అడుగుగా లెక్కేశాను. వాయిదా వేస్తూ చేసిన పనికి కూడా కొంత విలువ ఇవ్వగలిగితే చదివేవాళ్ళ భుజాలు కాస్త తేలికపడతాయి.

టైంటేబుల్ మీద: "టైంటేబుల్‌కు నాలుగు రంగులు వేశాం. మొదటి గడిలో ఒక టిక్కు పడితే ఐదో రంగు."

మూడ్ మీద: "మూడ్ బయల్దేరిందట. మొదటి పేజీ దగ్గర కలుస్తానంది." దీన్ని మొదట "మూడ్ కోసం ఎదురుచూసేవాళ్ళకు" అని మొదలుపెట్టాను. తీసేశాక సగానికి సగం చిన్నదయింది, తగిలే గుణం కూడా పోయింది. ఇది అబద్ధపు ఓదార్పు కాదు. మొదలుపెట్టాక పని మీద ఇష్టం కొంత రావడం చాలామందికి అనుభవమే.

రౌండు టైం మీద: "గడియారంలో 10:10కి కూడా పని మొదలవుతుంది. 10:30కే తెరుచుకునే పుస్తకం మన దగ్గర లేదు."

అంచనాల మీద: "గంటలో అయిపోతుందన్న పని ఇప్పుడే ఫోన్ చేసింది, ఇంకో రెండు గంటలు పడుతుందట. అయితే ఇప్పుడే మొదలెడదాం, మొదటి పావుగంట దాని ఖాతాలో వేద్దాం." అంచనా తప్పడం గురించి ధైర్యంగా సరదా చేయవచ్చు, ఎందుకంటే అది దాదాపు అందరికీ తప్పుతుంది. రోజర్ బ్యూలర్, ఆయన తోటి పరిశోధకులు 1994లో ప్రచురించిన అధ్యయనంలో, థీసిస్ రాస్తున్న విద్యార్థులు సగటున 34 రోజుల్లో పూర్తిచేస్తామన్నారు, నిజానికి 55 రోజులకు పైగా పట్టింది. అందరూ తప్పే చోట నవ్వితే ఎవరూ ఒంటరిగా దొరికిపోరు.

వీటిలో ఒక్కటి కూడా రెండు చిన్న వాక్యాలు దాటలేదని గమనించే ఉంటారు. మొదటిది నవ్విస్తుంది, రెండోది తలుపు తెరుస్తుంది. ఈ వరస తిరగేస్తే పాడవుతుంది. ముందు పని చెప్పి తర్వాత నవ్విస్తే, పని సలహాలా ఉంటుంది, నవ్వు సర్దిచెప్పినట్టుంటుంది. ఇంకొకటి, తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి మలుపు ఆ చివరి మాట మీదే పడాలి. "కలుస్తానంది మొదటి పేజీ దగ్గర" అని రాసి చూడండి, నవ్వు సగం జారిపోతుంది. పెట్టేముందు పైకి చదవండి. చివరి మాట దగ్గర గొంతు సహజంగా ఆగితే సరిపోయినట్టే.

పాత సామెతలు వాడవచ్చా అని చాలామంది అడుగుతుంటారు. వాడవచ్చు, కానీ ఉన్నవి ఉన్నట్టు పెడితే అవి మందలింపులే. "ఆలస్యం అమృతం విషం" అన్నది నిజమే కావచ్చు, ఇప్పటికే ఆలస్యమైన మనిషికి అది చెబితే విషం తాగేశావని చెప్పినట్టు. నేను దాన్ని దాని ఎదుటి సామెతతో కలిపి వాడాను: "ఆలస్యం అమృతం విషం అంటారు, నిదానమే ప్రధానం అని కూడా అంటారు. నిదానంగానే, ఇప్పుడే మొదలెడదాం." రెండు సామెతలూ గొడవపడుతుంటే మధ్యలో మనం తప్పించుకున్నట్టు ఉంటుంది. "ఆరంభ శూరత్వం" అనే మాట జోలికి మాత్రం వెళ్ళకండి. మొదలుపెట్టడమే కష్టంగా ఉన్నవాళ్ళకు, మొదలుపెట్టినా నవ్వుతారని చెప్పినట్టవుతుంది.

వాక్యం పనిచేసిందో లేదో నవ్వు బొమ్మలను బట్టి తేల్చకండి. జవాబుల్లో ఏం రాస్తున్నారో చూడండి. "సారీ, ఇవాళ కూడా కుదరలేదు" అని ఎవరైనా సంజాయిషీ ఇచ్చారంటే ఆ వాక్యం తగిలింది, దాన్ని పక్కన పెట్టేయండి. ఒకరు ఇంకొకరి పేరు పెట్టి "ఇది నీ కోసమే రా" అన్నారంటే, స్నేహితుల మధ్య అయినా సరే, మీ వాక్యం ఒకరిని కొట్టే కర్రగా మారింది. అలా మారే వాక్యాన్ని ముందే పట్టుకోవచ్చు: మీకు తెలిసిన ఒకరి పేరు దాని ముందు పెట్టి చదవండి. "ఫలానా వాడా, రేపు రేపు అనేవాడికి రేపు రాదు" అని చదివితే ఎంత కటువుగా ఉందో తెలుస్తుంది. "ఫలానా వాడా, పాపం రేపు! అందరి పనులూ దాని నెత్తినే" అని చదివితే గుచ్చుకోదు. ఇక "పది నిమిషాలు కూర్చున్నా", "ఒక పేజీ అయింది" అని రాశారంటే అది మంచి వాక్యం. అలాంటివి విడిగా దాచుకోండి, రెండు నెలల తర్వాత మళ్ళీ వాడుకోవచ్చు.

కొన్ని రోజులు అసలు ఏమీ పెట్టకూడదు. ఫలితాలు వచ్చిన రోజు, ఆ మర్నాడు. పరీక్షకు ముందు రాత్రి. ఆ రోజుల్లో వాయిదా మీద ఎంత మెత్తని మాట అన్నా పుండు మీద కారమే. అలాగే రోజూ పెట్టడం కూడా తగ్గించమంటాను. రోజూ ఒకే అలవాటు మీద సరదా చేస్తుంటే, వాక్యాలు విడివిడిగా ఎంత మంచివైనా, అన్నీ కలిసి "మీరంతా వాయిదా వేసేవాళ్ళు" అనే ఒకే మాట చెబుతాయి. వారానికి రెండు చాలు. మీరు ఉదయమే పెడుతున్నారు, అది అలాగే ఉంచండి, రాత్రికి మార్చకండి. రాత్రి చదివిన మాట అయిపోయిన రోజు మీద తీర్పులా ఉంటుంది, ఉదయం చదివితే ఆ పేజీ చదవడానికి ఇంకా టైం ఉంటుంది.

ఇది చేయలేని పని కూడా ఒకటుంది. పాఠం అర్థం కాక ఆగిపోయినవాళ్ళను ఏ సరదా వాక్యమూ కదిలించదు. వాళ్ళు పుస్తకం తెరుస్తారు, మూడో లైను దగ్గర ఆగిపోతారు, మూసేస్తారు. బయటికి అది కూడా వాయిదాలాగే కనిపిస్తుంది. అందుకే వారానికి ఒకసారి, సరదా లేకుండా, "ఈ వారం ఏ టాపిక్ దగ్గర ఆగారు?" అని అడగండి. గ్రూపులో చెప్పడానికి మొహమాటపడితే విడిగా రాయమనండి. నేను రాసిన చోట ఆ ప్రశ్నకు వచ్చిన జవాబులు చూశాక తెలిసింది, ఎన్నాళ్ళుగానో కదలడం లేదనుకున్న చాలామంది ఒకే అధ్యాయం దగ్గర ఇరుక్కుని ఉన్నారని. వాళ్ళకు కావలసింది ఆ అధ్యాయం విడమర్చి చెప్పే మనిషి.

ఇక వెళ్ళిపోయిన ఆ ఇద్దరి సంగతి. వాళ్ళకు విడివిడిగా రాయండి, అందరికీ కలిపి గ్రూపులో వద్దు. "మొన్న నేను పెట్టిన వాక్యం కటువుగా ఉంది. అలా పెట్టకుండా ఉండాల్సింది. మీరు ఎప్పుడు రావాలనుకున్నా గ్రూపు తలుపు తీసే ఉంటుంది" అని చాలు. వాళ్ళు ఎందుకు వెళ్ళారో అడగకండి, వేరే కారణం ఉండవచ్చు, చెప్పాల్సిన పని వాళ్ళ మీద పెట్టొద్దు. ఆ మెసేజ్‌లో చమత్కారం ఏదీ కలపకండి. జవాబు రాకపోయినా రెండోసారి రాయకండి.